కంటి డాక్టరా, పంటి డాక్టరా? వినికిడి తగ్గినవారితో మాట్లాడే పద్ధతి

"నాయినా, సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి పోదాం" అని వంటింట్లోంచి కేకేశాను. ముందు గదిలో కూలర్ తిరుగుతోంది. "పంటి డాక్టరెందుకు బిడ్డా? నాకు పండ్లేడున్నయ్?" అన్నాడు నాయిన. ఇల్లంతా నవ్వింది. నాయిన కూడా నవ్వాడు గానీ, మేమెందుకు నవ్వుతున్నామో తెలిసి నవ్వలేదు. ఆ నవ్వు చూశాక నాకు సిగ్గనిపించింది. ఎందుకంటే నా ఉద్యోగమే చెవి పరీక్షలు చేయడం. నల్లగొండలో రోజూ ఎవరో ఒక కొడుకుకో కోడలికో "వేరే గదిలోంచి పిలవకండి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి" అని చెప్పి పంపేది నేనే.

నాయిన మిర్యాలగూడలో రైస్ మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. హాలియా దగ్గరి మా ఊళ్లో తమ్ముడి కుటుంబంతో ఉంటాడు. మిల్లు మోత కొంత, వయసు కొంత కలిసి వినికిడిని తినేశాయి. ఇలాంటి వినికిడి లోపం ఉన్నవారితో, అంటే కొంత వినబడుతూ మాట మాత్రం తెలియని పెద్దవాళ్లతో, ఎలా మాట్లాడాలో ఇక్కడ రాస్తున్నాను. పుట్టుకతో వినబడనివారు, సైగల భాషలో మాట్లాడేవారి సంగతి వేరు. వారికి ఇది సరిపోదు.

వినబడుతుంది, తెలియదు

మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "సప్పుడు ఇనబడ్తది మేడం, మాట తెల్వది." ఇంట్లోవాళ్లకు ఇది నాటకంలా కనిపిస్తుంది. "కావాల్సినయి మంచిగనే ఇనబడ్తయి" అని వెక్కిరిస్తారు కూడా. కానీ ఆయన చెప్పేది నిజం.

శబ్దం ఎంత సన్ననిదో హెర్ట్జ్‌లలో కొలుస్తాం, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. మాటలో అచ్చులు బరువైన శబ్దాలు. అ, ఆ, ఓ లాంటివాటి బలమంతా కింది స్థాయిల్లో, ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపు ఉంటుంది. హల్లులు పలచన. స, శ, త, ట, క, ప లాంటివి చాలావరకు పైస్థాయి శబ్దాలు, పైగా బలం తక్కువ. స కారపు సీత్కారం 4000 హెర్ట్జ్ పైనే ఎక్కువ. వయసుతో వచ్చే లోపం పై స్థాయిల్లోనే మొదలవుతుంది. మిల్లులు, డ్రిల్లింగ్, బండలు పగలగొట్టే పనుల మోత కూడా మొదట 4000 హెర్ట్జ్ దగ్గరే దెబ్బ కొడుతుంది. కాబట్టి ఆయన చెవికి మన మాట అచ్చులతో చేరుతుంది, హల్లులు దారిలో రాలిపోతాయి. "కంటి" లోంచి క తీసేస్తే మిగిలేది "అంటి". అది కంటి కావచ్చు, పంటి కావచ్చు. దాన్ని పూరించుకోవడం ఆయన పని. నాయిన ఆ రోజు తప్పుగా పూరించుకున్నాడు, అంతే.

అరిస్తే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. గొంతు పెంచితే పెరిగేది అచ్చు. పెదవులతోనో, నాలుకతోనో, గాలితోనో పుట్టే హల్లు అంతగా పెరగదు. అంటే ముందే వినబడుతున్నదాన్ని ఇంకా పెంచి, వినబడనిదాన్ని దాని కింద పూడుస్తున్నాం. పైగా చెవి లోపలి రోమ కణాలు దెబ్బతిన్నవారికి మెల్లని శబ్దం అందదు, పెద్ద శబ్దం మామూలు వాళ్లకంటే తొందరగా భరించలేనిదవుతుంది. "గట్టిగ చెప్పు" అన్న మనిషే మరుక్షణం "ఎందుకట్ల ఒర్లుతవ్" అని కసురుకోవడం అందుకే. అరిచేటప్పుడు మొహం కూడా కోపంగా మారుతుంది, నోరు వికారంగా సాగుతుంది. పెదవులను చూసి పట్టుకునే అవకాశం కూడా పోతుంది.

చెవి వదిలేసింది కన్ను పట్టుకుంటుంది

ఇది తెలిస్తే మిగతా పద్ధతులన్నీ వాటంతటవే తోస్తాయి. ఒక హల్లు నోట్లో ఎక్కడ పుట్టింది అన్నది చెవికి కష్టం, కంటికి సులువు. ప అనాలంటే పెదవులు మూసుకోవాలి. క అనాలంటే అక్కర్లేదు. కాబట్టి ఎదురుగా కూర్చుని "కంటి డాక్టరు" అని ఉంటే, నా పెదవులు మూసుకోలేదు కాబట్టి అది "పంటి" కాదని నాయినకు తెలిసేది. కూలర్ తిరుగుతున్నా సరే.

కంటికీ హద్దులున్నాయి. పాట, మాట, బాట - ఈ మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా అని చూడండి, తేడా తెలియదు. అదృష్టం ఏమిటంటే మ కారం ముక్కుతో పలికే బరువైన శబ్దం, దాన్ని చాలామంది చెవి ఇంకా పట్టుకోగలదు. ఇక క, గ నోటి వెనుక భాగంలో పుడతాయి. వాటిని కన్ను చూడలేదు, చెవి సరిగా వినలేదు. అలాంటి చోట మనిషి ఎంత కష్టపడ్డా లాభం లేదు, మాటే మార్చాలి. తిరిగి చెప్పడం కన్నా మార్చి చెప్పడం ఎందుకు మేలో ఇదే కారణం. దాని గురించి కిందికి వచ్చాక వివరంగా చెప్తాను.

మాట మొదలుపెట్టే ముందు

ముందు మోత తగ్గించండి. టీవీ మ్యూట్ చేయడం, కూలర్ ఐదు నిమిషాలు ఆపడం, మిక్సీ ఆగేదాకా ఆగడం. మనకు కూలర్ మోతలోంచి మాటను విడదీసుకునే శక్తి ఉంది. ఆయనకు అది తగ్గిపోయింది. గట్టిగా మాట్లాడి కూలర్‌తో పోటీ పడటం కన్నా లేచి స్విచ్ నొక్కడం తక్కువ శ్రమ. స్టీలు గిన్నెలు కడుగుతూ మాట్లాడటం మా ఇళ్లలో పెద్ద అలవాటు. ఆ గణగణ ఆయనకు మాట మీద రాళ్లు కురిసినట్టే.

తర్వాత దూరం. మీటరు దూరం, అంటే చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత. ఆరుబయట దూరం సగమైన ప్రతిసారీ మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు మీటర్ల నుంచి మీటరుకు వస్తే 12 డెసిబెల్స్. గొంతు చించుకోకుండానే ఇది దొరుకుతుంది. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల లాభం కొంత తగ్గుతుంది గానీ, ఆ ప్రతిధ్వని కన్నా మన మాట ముందుంటుంది. చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడటం కూడా చాలామందికి అలవాటు. శబ్దం పెరుగుతుంది, నిజమే, కానీ మొహం కనిపించదు. మొత్తం మీద నష్టమే.

వెలుగు మీ మొహం మీద పడాలి, ఆయన మొహం మీద కాదు. తలుపుకు వీపు పెట్టి నిలబడి మాట్లాడేవాళ్లం మనకు తెలియకుండానే నల్లటి నీడలా కనిపిస్తాం. మా ఇంటి అరుగు మీద నాయినను వాకిలి వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టి, నేను ఎదురుగా కూర్చుంటాను. బయటి వెలుగు నా మొహం మీద, రోడ్డు మోత ఆయన వెనుక. చెవి మిషన్ ఉన్నవాళ్లకు కూడా మోత వెనుక ఉండటమే మంచిది, చాలా మిషన్లు ముందు నుంచి వచ్చే మాటను ఎక్కువ పట్టుకుంటాయి.

నోటికి అడ్డం ఏమీ ఉండకూడదు. తువ్వాల, మాస్కు, చేత్తో గడ్డం పట్టుకోవడం, నోట్లో తంబాకు, వేపపుల్ల. ఇవన్నీ మా ఊళ్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కనిపించేవే. మా తమ్ముడి మీసం సంగతి నేను మాట్లాడను.

ఆ తర్వాతే పిలుపు. ముందు చూపు కలవాలి. పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే వెళ్లి భుజం మీద చెయ్యి వేయండి. వెనుక నుంచి ఉలిక్కిపడేలా కాదు, పక్క నుంచి కనిపిస్తూ రావాలి. మొహం మీ వైపు తిరిగేదాకా మొదటి మాట అనకండి. అంతకుముందు అన్నదంతా వృథా, పైగా మొదటి రెండు మాటలు పోతే వాక్యమంతా తల లేని మొండెం అవుతుంది.

తెలుగు వాక్యంలో ఒక చిక్కు

ఇది పుస్తకాల్లో తక్కువగా రాస్తారు గానీ నేను రోజూ చూస్తాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఔనా కాదా అన్నది ఆ క్రియ తోకలో ఉంటుంది. "రైతు భరోసా పైసలు బ్యాంకుల పడ్డయి", "పైసలు బ్యాంకుల పడలె". మనం మాట్లాడేటప్పుడు వాక్యం చివరికి ఊపిరి తగ్గి గొంతు పడిపోతుంది. అంటే అన్నింటికంటే ముఖ్యమైన ముక్క అన్నింటికంటే మెల్లగా వస్తుంది. పైసలు అన్నది ఆయనకు తెలిసింది, బ్యాంకు అన్నది తెలిసింది, పడ్డాయో లేదో తెలియలేదు. ఆయన మంచివైపే పూరించుకుని పొద్దున్నే బస్సెక్కి బ్యాంకుకు పోతాడు.

దీనికి రెండు పనులు చేయాలి. వాక్యం చివర గొంతు తగ్గకుండా చూసుకోవాలి. ఇంకా మంచిది, తీర్పు ముందు చెప్పాలి: "లేదు నాయినా. పైసలు పడలేదు." లేదు అంటూ తల అడ్డంగా ఊపండి. వ్యాకరణం గొడవ పక్కన పెట్టండి, ఇక్కడ తల ఊపడమే అసలు వాక్యం.

అలాగే విషయం పేరు ముందు వేయండి. "బస్సు సంగతి", "కండ్ల సంగతి", "మనుమని పెండ్లి సంగతి" అని ఒక మాట వేసి, ఆగి, ఆ తర్వాత అసలు మాట. విషయం తెలిస్తే ఆయన పూరించుకునేది సరిగ్గా పూరించుకుంటాడు. విషయం మారినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. చాలా గొడవలు ఇక్కడే పుడతాయి. మనం బస్సు నుంచి పెళ్లికి మారిపోతాం, ఆయన ఇంకా బస్సులోనే ఉంటాడు.

వేగం కాస్త తగ్గించాలి, కానీ "నాఆఆ... యిఇఇ... నాఆఆ" అని సాగదీయకూడదు. సాగదీస్తే పెదవుల ఆకారం చెడిపోతుంది, పిల్లవాడితో మాట్లాడినట్టు కూడా ఉంటుంది. మామూలుగా పలుకుతూ, నాలుగైదు మాటలకొకసారి చిన్న విరామం ఇవ్వండి. విన్నదాన్ని పేర్చుకోవడానికి ఆ విరామం కావాలి.

వినలేదన్నప్పుడు ఏం చేయాలి

"ఆఁ?" అని అడిగినప్పుడు మనం చేసే పని ఒకటే: అదే వాక్యం, ఇంకొంచెం గట్టిగా. మళ్లీ "ఆఁ?" అంటే ఇంకా గట్టిగా. మూడోసారికి "ఏం లేదులే, తర్వాత చెప్త" అంటాం. ఈ మాట అనకండి. వాతావరణం గురించి చెప్పినా, వంకాయల ధర గురించి చెప్పినా, అది ఆయనకు చెప్పదగ్గ మనిషివి కాదు అని చెప్పినట్టే. నా దగ్గరకు వచ్చిన పెద్దవాళ్లు చెవి గురించి కన్నా ఈ మాట గురించే ఎక్కువ బాధపడతారు.

దీనికి నేను వాడే వరుస ఇది.

మొదటిసారి అడిగితే అదే వాక్యాన్ని అలాగే, మొహం సరిగ్గా చూపిస్తూ, ఒక్కసారి తిరిగి చెప్పండి. కొన్నిసార్లు ఆయన చూపు తిప్పి ఉండవచ్చు, ఏ మోటార్ సైకిలో పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు వాక్యం మారిస్తే ఆయన సగం పేర్చుకున్నది చెడిపోతుంది. ఒక్కసారి చాలు.

రెండోసారి కూడా తెలియకపోతే, "ఏం ఇనబడ్డది?" అని అడగండి. ఇది పరీక్ష పెట్టినట్టు కాకుండా మామూలుగా అడగాలి. "ఏదో బస్సన్నవ్" అంటే బస్సు అందిందని అర్థం. అప్పుడు మొత్తం వాక్యం చెప్పక్కర్లేదు. అందని ముక్కను మాత్రమే చెప్పాలి.

ఆ ముక్కను ఇప్పుడు మార్చి చెప్పండి. మార్చడమంటే ఏదో ఒక సమానార్థం వేయడం కాదు. చిన్న మాటను పెద్ద మాటగా చేయండి, ఎందుకంటే చిన్న మాటలో ఒక హల్లు పోతే ఇక ఏమీ మిగలదు. "రేపు" బదులు "రేపు పొద్దుగాల, శుక్రవారం". కనబడే మాట ఎంచుకోండి: ప, బ, మ, వ ఉన్న మాటలు పెదవుల మీద తెలుస్తాయి. ఆయన నోట వినే మాటే వాడండి: "అపాయింట్‌మెంట్" అన్నది ఆయన చెవికి కొత్త, "డాక్టరు రమ్మన్న టైము" పాతది. పాత మాట సగం విన్నా గుర్తొస్తుంది.

కంటి, పంటి దగ్గర నేను ఇంకో తప్పు చేశాను. రెండోసారి "కండ్ల డాక్టరు" అన్నాను. మన దగ్గర కండ్లు, పండ్లు కూడా అదే జత! మార్చానని అనుకున్నాను, ఏమీ మారలేదు. "చూపు మసక మసకగుందంటివి గద, దానికి" అని ఉంటే తెలిసేది. ఆ పూట చివరికి నా కళ్లజోడు తీసి చూపిస్తే గానీ తెగలేదు.

అదీ తెలియకపోతే, రెండింట్లో ఒకటి ఎంచుకునేలా అడగండి. "దేవరకొండ బస్సా, నల్లగొండ బస్సా?" అంటే ఈ రెండూ కొండ, గొండ అని ఒకేలా ముగుస్తాయి, ఇంకా గందరగోళం. "పెద్దమ్మ ఊరికి పోయే బస్సా, నేనుండే ఊరికి పోయే బస్సా?" అనండి. రెండు జవాబులూ వినడానికీ చూడడానికీ వేరుగా ఉండాలి.

చివరిది రాత, సైగ, వస్తువు. ఆయనకు చదువు వస్తే చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టండి. రాకపోతే క్యాలెండర్ మీద తేదీ చూపించండి, మందు సీసా చూపించండి, ఆధార్ కార్డు చూపించండి. ఇది ఓటమి కాదు. నేనైతే డబ్బు, తేదీ, మందు విషయాల్లో పై మెట్లన్నీ వదిలేసి నేరుగా ఇక్కడికే వస్తాను.

అంకెల గురించి ఒక మాట. ఇరవై, అరవై - తేడా మొదటి అచ్చు ఒక్కటే. "రెండు పదులు", "ఆరు పదులు" అని చెప్పి వేళ్లు చూపించండి. ఫోన్ నంబరును జంటలుగా కాకుండా ఒక్కొక్క అంకెగా చెప్పాలి.

ఊఁ కొట్టడాన్ని నమ్మకండి

మాటకు మాట అడిగి అడిగి అలసిపోయిన మనిషి ఒక దశలో ఊఁ కొట్టడం నేర్చుకుంటాడు. ముఖంలో చిరునవ్వు, తలూపడం, సమయానికి ఊఁ. అంతా విన్నట్టే ఉంటుంది. గుర్తుపట్టడానికి ఒక దారి: ప్రశ్న అడిగినా ఊఁ అంటాడు. "ఎన్నింటికి పోదాం?" "ఊఁ."

"అర్థమైందా?" అని ఎప్పుడూ అడగకండి, దానికి జవాబు ఔననే వస్తుంది. బదులుగా జవాబులో విషయం బయటపడే ప్రశ్న వేయండి: "మరి ఏం తీస్కొని వస్తవ్?", "ఎక్కడ ఎక్కుతవ్?" తప్పు చెబితే నవ్వకండి. నవ్వితే రేపటి నుంచి మళ్లీ ఊఁ మొదలు.

ఆయనకూ ఒక పని నేర్పవచ్చు. "ఆఁ?" అనకుండా అందినదాకా తిరిగి చెప్పి, అందని చోట ఆపి అడగడం: "సోమవారం బస్సెక్కి యాడికన్నవ్?" నాయిన ఇది నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. దాంతో మా ఇంట్లో సగం అరుపులు తగ్గాయి. మిగతా సగం అమ్మవి, అవి చెవి వల్ల కాదు.

ఒక రోజు మొత్తం: కంటి ఆపరేషన్

నాయినకు రెండు కళ్లలోనూ శుక్లం. పెదవులు చూసి మాట పట్టుకునే మనిషికి కన్ను మసకబారితే దెబ్బ రెట్టింపు. ఆ ఏడాది "చెవి ఇంకా పోయింది" అని తమ్ముడు అన్నాడు. పరీక్ష చేసి చూస్తే చెవి పాత రిపోర్టులాగే ఉంది. పోయింది చూపు. మీ ఇంట్లోనూ వినికిడి ఒక్కసారిగా తగ్గినట్టు అనిపిస్తే కళ్లూ చూపించండి, చెవిలో గులిమి ఉందేమో చూపించండి. కానీ ఒకటి రెండు రోజుల్లో ఒక చెవి నిజంగానే మూగబోతే అది వేరే విషయం, ఆ రోజే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. మొదటి రోజుల్లో మొదలుపెట్టిన మందు వల్లే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

దవాఖానలో అందరికీ మాస్కులు. రిసెప్షన్‌లో అద్దం వెనుక నుంచి పేరు పిలుస్తారు. నేను మొదట చేసిన పని, చీటీ ఇచ్చేటప్పుడే "మా నాయినకు వినబడదు, పేరు పిలిస్తే రాడు, నన్ను చూసి సైగ చేయండి" అని చెప్పడం. మీరు పక్కన లేని వేళ కోసం ఒక కాగితం మీద "నాకు చెవులు సరిగా వినబడవు. నా ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పండి" అని రాసి జేబులో పెట్టండి. అడిగినప్పుడు చూపిస్తే చాలు.

డాక్టరు మాట్లాడేది నాయినతో, కానీ చూసేది నన్ను. ఇది ప్రతిచోటా జరుగుతుంది. నేను డాక్టరుకు ఒక అడుగు వెనక్కి, నాయిన పక్కకు కూర్చున్నాను. అప్పుడు ఆమె చూపు తనంతట తనే నాయిన వైపు తిరిగింది. అందనిది మాత్రం నేను మార్చి చెప్పాను.

అసలు చిక్కు ఆపరేషన్ గదిలో. శుక్లం ఆపరేషన్ ఎక్కువగా మత్తు ఇవ్వకుండా, కన్ను ఒక్కటే తిమ్మిరెక్కించి చేస్తారు. మనిషి మెలకువగా ఉంటాడు. మొహం మీద గుడ్డ కప్పుతారు. "కదలకు", "వెలుగు వైపు చూడు" అని మాటతో చెబుతారు. చూపు లేదు, పెదవులు కనిపించవు, చెవి మిషన్ తీసేయమనవచ్చు. అందుకే ముందు రోజే గుర్తులు మాట్లాడుకోవాలి. మేము మూడు పెట్టుకున్నాం. అరచేయి ఒకసారి నొక్కితే కదలొద్దు. రెండుసార్లు నొక్కితే అయిపోయింది, కాళ్లు చాపుకోవచ్చు. నొప్పి పుడితే కదలకుండా ఆయన తన చేతితో ఎదుటి వేళ్లను గట్టిగా పట్టుకోవాలి. ఇంట్లో నాలుగుసార్లు నాయిన కళ్లు మూయించి సాధన చేశాం. ఆపరేషన్ రోజు పొద్దున అక్కడి నర్సుకు గుర్తులు చూపించాను, ఆమె చేయి పట్టుకుని నిలబడతానంది. మిషన్ ఉంచుకోవచ్చా అని కూడా అడగండి, కొందరు ఆపరేషన్ చేయని వైపు చెవికి ఉంచనిస్తారు.

నలుగురిలో, ఫోన్లో

పెళ్లిలో ఒకేసారి ఐదుగురు మాట్లాడితే ఏ పద్ధతీ పనిచేయదు. ఆయనను గోడకు వీపు ఉండేలా, అందరి మొహాలూ కనిపించే మూలన కూర్చోబెట్టండి. మైకుకు దూరంగా. పక్కన ఒక మనిషిని పెట్టండి, మా ఇంట్లో అది నా కొడుకు, తొమ్మిదో తరగతి. వాడి పని విషయం మారినప్పుడు "తాతా, ఇప్పుడు భూమి సంగతి" అని ఒక్క మాట చెవిలో కాదు, ఎదురుగా వంగి చెప్పడం. అంతా తిరిగి చెప్పక్కర్లేదు. రెండు గంటల తర్వాత ఆయన అలసిపోతాడు, లేచి వెళ్లిపోతే పోనివ్వండి. పెదవులు చూస్తూ పూరించుకోవడం మెదడుకు బరువైన పని. ముఖ్యమైన మాటలు పొద్దున పెట్టుకోవడం కూడా అందుకే.

మామూలు ఫోన్ గొట్టం చిన్నది. పాత పద్ధతి ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స లాంటివి చాలావరకు దాటవు, మొహం కూడా లేదు. వీడియో కాల్‌లో మొహం ఉంటుంది, ఫోన్‌ను స్టాండులో పెట్టి వెలుగు ఎదురుగా ఉండేలా చూసుకోండి. వీడియో ఆగి ఆగి వస్తే పెదవులు, మాట కలవవు. అప్పుడు వీడియో ఆపేసి రెండు మాటలు చెప్పి పెట్టేయడమే మంచిది.

చెవి మిషన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదనుకుంటారు. మిషన్ శబ్దాన్ని పెంచుతుంది, దెబ్బతిన్న చెవిని బాగుచేయదు. మీటరు రెండు మీటర్లలో ఎదురుగా మాట్లాడితేనే అది బాగా పనిచేస్తుంది. వంటింట్లోంచి కేకేస్తే కూలర్‌ను కూడా కలిపి పెంచుతుంది. కుయ్ కుయ్ మంటుంటే చెవిలో సరిగా కూర్చోలేదని గుర్తు. దాన్ని డబ్బాలో పెట్టి పడేసిన ఇళ్లు నేను చాలా చూశాను. అడిగితే కారణం మిషన్ కాదు, ఎవరూ ఎదురుగా మాట్లాడకపోవడం.

చుక్కల మందు

ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చాం. రెండు చుక్కల సీసాలు, వాటి మధ్య ఐదు నిమిషాల ఎడం. కూలర్ ఆపాను. అరుగు మీద కూర్చుని, నాయిన భుజం మీద చెయ్యి వేసి, మొహం తిరిగేదాకా ఆగాను. "చుక్కల సంగతి" అన్నాను, ఆగాను. "మొదలు గులాబీ మూత సీసా." సీసా చూపించాను. "ఐదు నిమిషాలాగి," ఐదు వేళ్లు చూపించి, "తెల్ల మూతది." అదీ చూపించాను.

"ఊఁ" అన్నాడు.

రెండు సీసాలూ ఆయన చేతిలో పెట్టి, "మొదలు ఏది ఏసుకుంటవ్?" అన్నాను.

తెల్ల మూత సీసా ఎత్తి చూపించాడు. రెండు సీసాలూ వెనక్కి తీసుకుని, గులాబీ మూత మీద పెన్నుతో ఒక గీత, తెల్ల మూత మీద రెండు గీతలు గీశాను. కట్టు విప్పిన కంటితో ఆ గీతలు చూసి, "ఇది ఒకటి, ఇది రెండు. ముందే గీస్తే అయిపోవు గద బిడ్డా" అన్నాడు.